అదిగో పులి అంటే ఇదిగో తోక: హైస్కూలు పిల్లలకు సమాచారం సరిచూసుకోవడం నేర్పే ఆరు పీరియడ్లు (తరచుగా అడిగే ప్రశ్నలు)

13 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం తయారుచేసిన పాఠ్య ప్రతిపాదన ఇది. టీచర్లు, హెడ్మాస్టర్లు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. నమూనా పాఠం ఒకటి నిమిషాలతో సహా మధ్యలో ఉంది.

మొత్తం ఎన్ని పీరియడ్లు? దేంట్లో ఏం చెబుతారు?

50 నిమిషాల పీరియడ్లు ఆరు. వారానికి రెండు చొప్పున మూడు వారాలు పడుతుంది. ఒకే వారంలో ఆరూ కుక్కేస్తే నేర్చుకున్నది చేతికి అలవాటయ్యే వ్యవధి దొరకదు కాబట్టి అలా చేయొద్దు. పిల్లలకు ఇచ్చే ఇంటర్నెట్ పోస్టుల్లో సగం నిజమైనవి, సగం అబద్ధపువి ఉండాలి.

మొదటి పీరియడ్‌లో ముందస్తు పరీక్ష పెడతారు. ఆ తర్వాత టీచర్ ప్రొజెక్టర్ మీద ఒక పోస్టును సరిచూస్తూ, మనసులో అనుకుంటున్నదంతా పైకి చెబుతారు. "ఈ పేరు నేనెప్పుడూ వినలేదు, ఎవరో చూద్దాం" అన్నంత మామూలుగా ఉంటే చాలు. రెండో పీరియడ్‌లో ఒక వెబ్‌సైటు వెనక ఎవరున్నారో కనుక్కోవడం, మూడో దాంట్లో వెతుకుడు ఫలితాల పేజీని చదవడం, నాలుగో దాంట్లో ఫోటోల మూలం పట్టుకోవడం ఉంటాయి. అయిదోది సగం నిజం, సగం అబద్ధం కలిసిన పోస్టుల మీద. ఆరో పీరియడ్‌లో పిల్లలు కొత్త పోస్టులను ఎవరికి వారే సరిచూస్తారు, చివర్లో పరీక్ష ఉంటుంది. ఎనిమిది వారాల తర్వాత చెప్పకుండా ఇంకో 20 నిమిషాల పరీక్ష పెడతారు. దీన్ని చాలా స్కూళ్లు ఎగ్గొడుతుంటాయి, కానీ మాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఆరు పీరియడ్లతో ఏం మారుతుంది?

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక జిల్లాలోని హైస్కూళ్లలో సరిగ్గా ఇన్నే పాఠాలు చెప్పించి చూశారు. 50 నిమిషాలవి ఆరు, పరీక్షించింది 499 మంది పిల్లలను. పాఠాలు విన్నవాళ్లు, వినని తరగతుల పిల్లల కంటే ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని బాగా తూచగలిగారు. ఈ అధ్యయనం 2022లో వెలువడింది.

దీన్నిబట్టి పిల్లలు ఇక మోసపోరని అనుకోవద్దు. పాఠం విన్న తరగతిలో కూడా చాలామంది తడబడుతూనే ఉంటారు. ఒక మంచి అలవాటుకు ఆరు పీరియడ్లు పునాది వేస్తాయి, అంతే. దాన్ని నిలబెట్టాలంటే సైన్స్, సోషల్ టీచర్లు తమ పాఠాల్లో నెలకోసారైనా అయిదు నిమిషాలు ఇదే పని చేయించాలి.

"సైటు బాగుందా, తేదీ ఉందా, రచయిత పేరుందా" అని చూసే చెక్‌లిస్ట్ ఇస్తే సరిపోదా?

సరిపోదు. పైగా అది పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది. చెక్‌లిస్ట్ అడిగేవన్నీ ఆ పేజీలోనే దొరికే విషయాలు, పేజీలో ఏముండాలో తేల్చేదేమో దాన్ని తయారుచేసినవాడు. అందమైన డిజైను, "మా గురించి" అన్న పేజీ, కింద నాలుగు ఆధారాలు పెట్టడం ఎవరికైనా గంటసేపటి పని.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే 2017లో చేసిన మరో ప్రయోగంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 10 మంది చరిత్ర ఆచార్యులు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, 10 మంది వృత్తిగా ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లు అందులో పాల్గొన్నారు. వాళ్లకు రెండు వెబ్‌సైట్లు చూపించారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌ది. 1930లో పుట్టిన, 60 వేలకు పైగా సభ్యులున్న పిల్లల డాక్టర్ల సంఘం అది. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషన్స్‌ది. సామాజిక అంశాల మీద మొదటి సంఘంతో విభేదించి, 2002లో విడిగా ఏర్పడిన చాలా చిన్న బృందం. పేర్లు దగ్గరగా ఉన్నాయి, రెండు సైట్లూ పద్ధతిగా ఉన్నాయి. చదువుకున్న ఆచార్యులు, చురుకైన విద్యార్థులు పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి కూడా తికమకపడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు పేజీని దాదాపు చదవనే లేదు. వెంటనే పక్కన కొత్త ట్యాబు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. త్వరగానూ సరిగానూ తేల్చింది వాళ్లే.

మా పాఠాలన్నిటికీ వెన్నెముక ఈ "పక్క ట్యాబు చదువు". కొత్త మనిషి మంచివాడో కాదో తెలుసుకోవాలంటే అతన్నే అడగం కదా, ఊళ్లో నలుగురినీ అడుగుతాం. ఈ పోలిక చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

దీన్ని క్లాసులో ఎలా చేయించాలి?

రెండో పీరియడ్‌కు చెట్టు మీది ఆక్టోపస్ సైటును వాడండి. పసిఫిక్ తీరపు అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ అంతరించిపోతోందని చెప్పే ఈ సైటును 1998లో సరదాకు తయారుచేశారు. దానిలో ఫోటోలు, శాస్త్రీయ నామం, సంరక్షణ విజ్ఞప్తి అన్నీ ఉంటాయి. కనెక్టికట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడో తరగతి పిల్లలకు దీన్ని చూపిస్తే, బాగా చదవగల పిల్లలు కూడా నమ్మేశారు.

ముందు మూడు నిమిషాలు పేజీని చదవనివ్వండి. ఎంత నమ్ముతున్నారో ఒకటి నుంచి ఆరు వరకు అంకె వేయమనండి. తర్వాత ఆ సైటును పక్కనపెట్టి, మిగతా ఇంటర్నెట్ దాని గురించి ఏమంటోందో ఇలా వెతికించండి:

```
"pacific northwest tree octopus" -site:zapatopi.net
```

కొటేషన్ గుర్తులు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టే వెతకమని చెబుతాయి. మైనస్ గుర్తు ఆ సైటు సొంత పేజీలను ఫలితాల్లోంచి తీసేస్తుంది. మైనస్‌కూ site కూ మధ్య ఖాళీ వదిలితే పనిచేయదు. సగం జంటలు ఇక్కడే ఆగిపోయి "రావట్లేదు సార్" అంటారు కాబట్టి బోర్డు మీద పెద్దగా రాసిపెట్టండి.

పోస్టుల్లో సగం నిజమైనవి ఉండాలని ఎందుకంత పట్టుబడుతున్నారు?

ఈ ప్రతిపాదనలో మేం ఏమాత్రం రాజీపడని విషయం ఇదొక్కటే. మీడియా పాఠం పేరుతో పది అబద్ధపు పోస్టులు చూపిస్తే పిల్లలు నేర్చుకునేది ఒకటే, "టీచర్ చూపించిందంటే అబద్ధమే" అని. అప్పుడు దేనికైనా అబద్ధమని రాస్తే మార్కులొస్తాయి. బయటికెళ్లాక ఆ పిల్లవాడు టీకా గురించిన సరైన సమాచారాన్నీ, వరద హెచ్చరికనూ అదే చేత్తో కొట్టిపారేస్తాడు. నమ్మాల్సినదాన్ని నమ్మకపోవడం కూడా మోసపోవడమే.

అంకెల్లో చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. ఆరు నిజం పోస్టులు, ఆరు అబద్ధం పోస్టులు కలిపి పిల్లలకు ఇచ్చి, ఎంత నమ్ముతారో 1 నుంచి 6 వరకు వేయమన్నాం. పాఠానికి ముందు తరగతి సగటు నిజాలకు 4.2, అబద్ధాలకు 3.6 వచ్చింది. తేడా 0.6. పాఠం తర్వాత అబద్ధాల సగటు 2.4కు పడింది. అంతవరకే చూస్తే పాఠం గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ నిజాల సగటు కూడా 3.0కు పడిపోయి ఉంటే తేడా మళ్లీ 0.6 దగ్గరే ఉంది. పిల్లలకు విచక్షణ పెరగలేదు, అనుమానం మాత్రం పెరిగింది. అబద్ధాలకు 2.4, నిజాలకు 4.4 వచ్చిందనుకోండి, తేడా 2.0. అదీ నేర్చుకోవడమంటే. అందుకే ముందస్తు పరీక్షలోనూ చివరి పరీక్షలోనూ ఈ తేడానే లెక్కించాలి. అబద్ధాలను ఎందరు పట్టుకున్నారన్న లెక్క ఒక్కటే నివేదికలో రాయడం పనికిరాదు.

నమూనా పాఠం ఒకటి పూర్తిగా చూపిస్తారా?

నాలుగో పీరియడ్‌ది చూద్దాం. వస్తువు ఒకటే, నీళ్లు నిండిన వీధిలో సొరచేప. పోస్టులు రెండు.

మొదటిది ఫోటో. కారు కిటికీలోంచి తీసినట్టు ఉంటుంది, మునిగిన రోడ్డు మీద సొరచేప ఈదుతుంటుంది. 2011లో ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు ప్యూర్టోరికోలో తీసిందంటూ తిరిగింది. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు అదే ఫోటో హ్యూస్టన్‌దని మళ్లీ తిరిగింది. రెండోది వీడియో. 2022 సెప్టెంబరులో ఇయన్ తుఫాను సమయంలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో, మునిగిన పెరటి నీళ్లలో రెక్కలున్న పెద్ద చేప కొట్టుకుంటూ కనిపిస్తుంది.

మొదటి 5 నిమిషాలు రెండూ చూపించి అంకెలు వేయించండి, ఎలాంటి వ్యాఖ్యా చేయకండి. తర్వాత 15 నిమిషాలు ఫోటో మీద పని. జంటకో పరికరం ఇచ్చి, బొమ్మ పెడితే అది ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్ఐ సైటులోనో చిత్రాన్ని వెతకమనండి. ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటుంది. స్క్రీన్‌షాట్ మొత్తాన్ని అలాగే పెట్టేస్తారు, పైన ఉన్న రాతలు, లైకుల వరస అన్నీ కలిపి. వెతికే యంత్రం ఆ రాతల వెంట పోతుంది. బొమ్మ వరకే కత్తిరించుకోమనండి. అది కుదిరాక సొరచేప భాగాన్ని మాత్రమే కత్తిరించి ఇంకోసారి వెతకమనండి. తీగ లాగితే డొంక కదిలేది అక్కడే. పసుపు రంగు పడవలో ఒక మనిషి, వెనకాలే అదే భంగిమలో అదే సొరచేప ఉన్న ఫోటో బయటపడుతుంది. థామస్ పెస్చాక్ అనే ఫోటోగ్రాఫర్ దక్షిణాఫ్రికా తీరంలో తీసిన ఫోటో అది, 2005లో ఆఫ్రికా జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చింది. పడవ ఫోటోలోంచి సొరచేపను కత్తిరించి రోడ్డు ఫోటోలో అతికించారన్నమాట. రెంటినీ పక్కపక్కన పెట్టి, రెక్క వంపు, నీడ ఎలా సరిపోతున్నాయో పిల్లలనే చెప్పమనండి.

టిన్ఐలో "Oldest" అన్న వరస ఎంచుకున్నప్పుడు కనిపించే తేదీ, ఆ యంత్రం చిత్రాన్ని మొదటిసారి చూసిన రోజు మాత్రమే. ఫోటో తీసిన రోజని పిల్లలు రాసేస్తారు, సరిదిద్దండి.

తర్వాతి 15 నిమిషాలు వీడియోకు. ఇప్పటికి తరగతి మొత్తం "ఇదీ అతికించిందే" అనే నిశ్చయంతో ఉంటుంది. 2022లో ఇంటర్నెట్‌లో చాలామంది అన్నదీ అదే, పాత సొరచేప కథే మళ్లీ వచ్చిందని. పిల్లలను వెతకనివ్వండి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వీడియో తీసిన వ్యక్తితో మాట్లాడి, అసలు ఫైలును పరిశీలించి, అది నిజంగా ఆ రోజు అక్కడ తీసిందేనని నిర్ధారించిందని వాళ్లే కనుక్కుంటారు. ఆ చేప సొరచేపేనా అన్నదాని మీద మాత్రం నిపుణులు ఒక్క మాట మీద లేరు. ఈ రెండు విషయాలనూ విడివిడిగా రాయించడం ఈ పాఠానికి గుండెకాయ. "వీడియో నిజం. అందులో ఉన్నది సొరచేప కావచ్చు, ఖాయంగా చెప్పలేం" అని రాసిన పిల్లకు పూర్తి మార్కులివ్వండి.

చివరి 15 నిమిషాల్లో ప్రతి ఒక్కరూ మూడు వాక్యాలు రాస్తారు. నా మొదటి అంకె ఎంత, ఇప్పుడెంత, దాన్ని మార్చింది ఏ ఆధారం. "చూడగానే తెలిసిపోయింది" అన్న జవాబుకు సున్నా.

ఇలాంటి పోస్టులు ఎక్కడినుంచి తేవాలి?

వినడానికి అబద్ధంలా ఉండే నిజాలు మీ దగ్గర ఓ పది ఉండాలి. 1919 జనవరిలో బోస్టన్‌లో బెల్లంపాకం ట్యాంకు పగిలి, ఆ వరదలో 21 మంది చనిపోయారు. 1932లో ఆస్ట్రేలియా ఈము పక్షుల మీదికి సైనికులను మెషిన్‌గన్లతో పంపింది. వాంబాట్ అనే జంతువు పెంట ఘనాకారంలో ఉంటుంది. మూడూ నిజమే, పిల్లలు మూడింటినీ కొట్టిపారేస్తారు. అబద్ధాల్లో మనిషి మెదడులో పది శాతమే వాడతాడన్నది, చైనా గోడ చంద్రుడి మీదినుంచి కనిపిస్తుందన్నది బాగా పనికొస్తాయి. వాటిని పిల్లలే కాదు, కొందరు టీచర్లు కూడా నమ్ముతారు.

అయిదో పీరియడ్‌కు 2020 మార్చిలో తిరిగిన వెనిస్ పోస్టు సరిగ్గా సరిపోతుంది. జనం ఇళ్లలో ఉండటంతో వెనిస్ కాలువల నీళ్లు తేటపడ్డాయి, డాల్ఫిన్లు వచ్చాయి అని అందులో ఉంటుంది. నీళ్లు తేటపడిన మాట నిజమే, పడవలు ఆగి అడుగు బురద లేవకపోవడం వల్ల. డాల్ఫిన్ల వీడియో మాత్రం సార్డీనియా ద్వీపంలోని ఒక రేవులో తీసింది. పోస్టును వాక్యాలుగా విడగొట్టి, ఒక్కో వాక్యానికి విడిగా తీర్పు రాయించండి.

కంప్యూటర్లు సరిపడా లేకపోతే?

మూడో పీరియడ్‌కు కంప్యూటర్లు లేకుంటేనే నయం. ఒక వెతుకుడు ఫలితాల పేజీని, పది ఫలితాలతో, ప్రింటు తీసి జంటకొకటి ఇవ్వండి. మూడు నిమిషాలు దేన్నీ క్లిక్ చేసే వీలు లేదు, కాగితమే కదా. ఏ ఫలితం ఎవరిది, ఏది అమ్మేవాళ్లది, ఏది వార్తా సంస్థది, దేన్ని ముందు తెరుస్తావు, ఎందుకు అన్నది రాయాలి. మొదటి ఫలితం మీద గుడ్డిగా వేలు పడే అలవాటును ఇది మాన్పిస్తుంది. ఫోటోల పాఠానికి మాత్రం కనీసం ఒక కంప్యూటరు, ప్రొజెక్టర్ కావాలి. పిల్లలు చెబుతుంటే టీచర్ టైపు చేస్తారు.

అబద్ధపు పోస్టుల ప్రింట్ల మీద అడ్డంగా "పాఠం కోసం, ఇది నిజం కాదు" అని పీరియడ్ అయిపోయేలోపు పిల్లల చేతే పెద్ద అక్షరాలతో రాయించండి, తర్వాత అన్నిటినీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. అలా చేయకపోతే ఎవరో ఒకరు ఫోటో తీసి పంపుతారు, సాయంత్రానికి మీ పాఠమే పుకారై తిరుగుతుంది. పిల్లల చేత కొత్త అబద్ధపు వార్తలు తయారుచేయించే కార్యక్రమాన్ని మేం పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే.

వికీపీడియాను నమ్మొద్దని ఇన్నాళ్లూ చెప్పాం కదా?

ఆధారంగా ఉటంకించొద్దన్న మాట అలాగే ఉంచండి. కానీ తెలియని సంస్థ ఎవరిదో అర నిమిషంలో తెలుసుకోవడానికి అంతకంటే మంచి మొదటి మెట్టు లేదు. మొదటి పేరా చదివి, కింద ఆధారాల్లో ఒకదాన్ని తెరిచి చూడటం నేర్పండి.

అబద్ధాన్ని క్లాసులో చూపిస్తే అదే మనసులో నాటుకుపోదా?

న్యాయమైన భయమే. ఒకే మాటను పదేపదే వింటే నిజమనిపిస్తుందని 1977 నుంచే ప్రయోగాలు చూపిస్తున్నాయి. అందుకే కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఏ అబద్ధాన్నీ తీర్పు చెప్పకుండా మర్నాటికి వదలకూడదు, గంట కొట్టేలోపు తేల్చాలి. తేల్చేటప్పుడు "ఇది అబద్ధం" అని ఆగకుండా, నిజం ఏమిటో చెప్పాలి. సొరచేప రోడ్డు మీద లేదు అంటే సరిపోదు, అది దక్షిణాఫ్రికాలో పడవ వెనక ఉంది అనాలి. ఆ ఖాళీలో ఏదో ఒకటి నింపకపోతే మనసు పాతదాన్నే మళ్లీ తెచ్చుకుంటుంది. ఆ రోజు రానివాళ్లకు మర్నాడు తీర్పు చెప్పే బాధ్యత పక్కన కూర్చునే పిల్లది.

"నిప్పు లేనిదే పొగ రాదు కదా టీచర్" అంటే ఏం చెప్పాలి?

అనకుండా ఉండరు. వాదించకండి, సొరచేప ఫోటో దగ్గరికే తీసుకెళ్లండి. అక్కడ పొగ వేలమంది పంచుకోవడం వల్ల వచ్చింది. వంద మంది ఫార్వర్డ్ చేసిన ఒక ఫోటోకు సాక్షులు వంద మంది కాదు, ఉంటే ఒక్కరు. ఆ ఒక్కరు ఎవరో వెతకమనండి.

ఇంట్లోవాళ్లు పంపిన మెసేజ్‌లు పిల్లలు క్లాసుకు తెస్తే?

పేర్లు, నంబర్లు కనిపించే స్క్రీన్‌షాట్లు తీసుకోవద్దు. విషయాన్ని చేత్తో రాసి తెమ్మనండి. పెద్దవాళ్లను అందరిలో తప్పుపట్టడం నేర్పకండి. గ్రూపులో "ఇది అబద్ధం" అని పెట్టే బదులు, విడిగా "తాతయ్యా, ఇది పాత ఫోటో అట, ఇదిగో అసలుది" అని లింకుతో పంపడాన్ని క్లాసులో అభ్యాసం చేయించండి. ఎన్నికల వేడిలో ఉన్న అంశాలను మొదటి నాలుగు పీరియడ్లలో తేవద్దు. పద్ధతి చేతికి రాకముందే పిల్లలు పక్షాలుగా విడిపోతారు, ఆధారం చూడటం మానేస్తారు.

మార్కులు ఎలా వేయాలి?

ప్రతి పోస్టుకు రెండు మార్కులు. పోస్టు దాటి బయటికి వెళ్లి ఏదైనా వెతికితే ఒకటి. దొరికినదాన్ని తీర్పుతో సరిగ్గా ముడిపెడితే ఇంకొకటి. తీర్పు తప్పైనా దారి సరైనదైతే ఒక మార్కు ఇవ్వాల్సిందే. తీర్పు సరైనా దారి లేకపోతే సున్నా. బొమ్మా బొరుసూ వేసినా సగం ఒప్పవుతాయి కదా. ఇంటర్నెట్ లేని పరీక్షలో దీన్ని కొలవలేం. "ఏం చేస్తావో వివరించు" అని కాగితం మీద అడిగితే అందరూ చక్కగా రాస్తారు, చేయమంటే చాలామంది చేయరు.

దీంతో కానిదేమిటి?

క్లాసులో "సరిచూడు" అంటే చూస్తారు. రాత్రి పదింటికి స్నేహితుడు పంపింది చూసేటప్పుడు ఆ మాట ఎవరూ అనరు. దాన్ని ఏ పరీక్షా కొలవదు, మాదీ అంతే. కళ్ల ముందుకొచ్చిన ప్రతిదాన్నీ సరిచూడమంటే రెండు రోజుల్లో వదిలేస్తారు కాబట్టి ఆ భారం పెట్టొద్దు. మేం అడిగేది రెండు సందర్భాల్లోనే: ఇంకొకరికి పంపబోయే ముందు, దాన్ని నమ్మి ఏదైనా చేయబోయే ముందు. ఎనిమిది వారాల తర్వాతి పరీక్షలో మొదటి ప్రశ్న కూడా దాని గురించే ఉంటుంది: "ఈ వారం నువ్వు పంపకుండా ఆపింది ఏదైనా ఉందా? ఆపేముందు ఎక్కడ చూశావు?" దీనికి మార్కులుండవు, పేరు రాయక్కర్లేదు. రెండో భాగానికి ఎందరు నిర్దిష్టంగా జవాబు రాశారో మాత్రం లెక్కపెట్టి ఉంచుకోండి.